ఆడుకుంటున్నాడు కదా అనుకున్నాం

పోస్టు కొంచెం పొడుగు. కానీ ఇంట్లో మూడు నాలుగేళ్ళలోపు పిల్లలున్న వాళ్ళు సగంలో ఆపొద్దు.

మేమంటే ముగ్గురం. పాడేరు అవతల ఒకే ఊరి నుంచి వచ్చి, ఒకే హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. అందుకే ఊరెళ్తే కాగితం వచ్చినా, ఫోన్లో మెసేజ్ వచ్చినా, ఎవరికి జ్వరమొచ్చినా మా దగ్గరికే తెస్తారు. మేం చెప్పిందే మాట. ఆ రోజు మేం చెప్పిన మాట తప్పయింది. ఎందుకు తప్పో మీకు తెలియాలని రాస్తున్నాం.

సంక్రాంతి సెలవులకి వెళ్తూ సంతలో రంగుల ఎల్ఈడీ లైట్ల పట్టీ కొన్నాం. దానితో పాటు చిన్న రిమోట్ ఇచ్చారు. అరచేతిలో పట్టేంత పలచగా ఉంటుంది, ఎర్ర బటన్ నొక్కితే ఎరుపు, నీలం నొక్కితే నీలం. పండక్కి అక్క పుట్టింటికి వచ్చింది. వాళ్ళ బాబుకి పదిహేడు నెలలు. ఆ రంగులు మారుతుంటే వాడు చప్పట్లు కొట్టేవాడు. ఏడిస్తే రిమోట్ వాడి చేతికే ఇచ్చేవాళ్ళం. మేమే ఇచ్చాం, ఇంకెవరూ కాదు.

కనుమ రోజు సాయంత్రం నాలుగున్నర అవుతుంది. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని సంతలో పసుపు అమ్మిన చిల్లర లెక్కపెడుతోంది. బాబు పక్కనే ఉన్నాడు. ఉన్నట్టుండి గట్టిగా దగ్గాడు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నోట్లోంచి చొంగ కారింది. అక్క పరిగెత్తుకొచ్చి వీపు నిమిరింది. అయిదు నిమిషాల్లో మామూలైపోయాడు. పెద్దమ్మ చిల్లర మళ్ళీ లెక్కేసి, "రూపాయి తగ్గింది. గుంటడు మింగేసినాడే" అంది.

అందరూ మా వైపు చూశారు. "సదువుకున్నోళ్ళు మీరే. ఏటి సెయ్యాల?" అంది పెద్దమ్మ.

ఫోన్ తీసి వెతికాం. నాణెం మింగితే చాలాసార్లు రెండు మూడు రోజుల్లో విరోచనంలో వచ్చేస్తుందని ఉంది. బాబు ఊపిరి బాగానే తీస్తున్నాడు. కోడిపిల్ల వెంట పడి పరిగెడుతున్నాడు. "ఏం పర్లేదు, ఆడుకుంటున్నాడు కదా, రేపు చూద్దాం" అన్నాం. తాత అరటిపండు పెట్టమన్నాడు, పెట్టారు. రెండు ముక్కలు తిని మూడోది ఉమ్మేశాడు. కడుపు నిండిందేమో అనుకున్నాం.

చదివింది అబద్ధం కాదు. నాణెం గురించి అది చాలావరకు నిజమే. కానీ వాడు మింగింది నాణెమేనా అని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

రాత్రి తొమ్మిదికి కాస్త ముందు లైట్లు వేసి రిమోట్ నొక్కితే రంగు మారలేదు. వెనక్కి తిప్పి చూశాం. ఆ రిమోట్లకి స్క్రూ ఉండదు, అగ్గిపెట్టె అరలా చిన్న ప్లాస్టిక్ అర లాగితే బయటికొస్తుంది. ఆ అర ఊడి మంచం కింద పడి ఉంది, ఖాళీగా. అందులో ఉండాల్సిన బిళ్ళ సెల్లు లేదు. ఇల్లంతా వెతికాం. సెల్లు దొరకలేదు, రూపాయి దొరికింది, పెద్దమ్మ చీర మడతలో.

అప్పటికి నాలుగున్నర గంటలు గడిచాయి.

ఆ తర్వాత సంగతి మన ప్రాంతం వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు చీకట్లో నడక. అక్కడి నుంచి బైకు మీద పీహెచ్‌సీ. రాత్రి అక్కడ ఎక్స్‌రే లేదు. 108లో ఎక్స్‌రే ఉన్నచోటికి వెళ్ళేసరికి పదకొండున్నర. ఫిలిం చూడగానే డ్యూటీ డాక్టరు మాతో ఒక్క ముక్క మాట్లాడకుండా విశాఖకి ఫోన్ చేశారు. ఘాట్ దిగి అక్కడికి చేరేసరికి మూడు దాటింది. తెల్లవారుజామున నాలుగున్నరకి మత్తిచ్చి, గొంతులోకి గొట్టం దింపి సెల్లు తీశారు. మింగి సరిగ్గా పన్నెండు గంటలు.

దారి పొడుగునా బాబు అక్క ఒళ్ళో నిద్రపోయాడు. కొద్దిగా చొంగ కారడం తప్ప ఏడుపు లేదు, వాంతి లేదు, రక్తం లేదు. బయటికి ఏమీ కనపడలేదు. లోపల మాత్రం కాలుతూనే ఉంది.

ఎలా కాలుతుందో మేం తర్వాత హాస్టల్లో కళ్ళారా చూశాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పినప్పుడు సగమే అర్థమైంది. "సెల్లు పగిలి మందు కారిందా మేడమ్?" అని అడిగితే, "కారక్కర్లేదు నాన్నా, కరెంటు చాలు" అన్నారు. ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మెస్‌లో చికెన్ వండే రోజు అన్నని బతిమాలి ఒక పచ్చి ముక్క తెచ్చుకున్నాం. దాన్ని ఉప్పునీళ్ళతో తడిపి, అలాంటి రిమోట్‌లో వచ్చే కొత్త సెల్లు ఒకటి దాని మీద పెట్టాం. మైనస్ వైపు మాంసానికి ఆనేలా పెట్టాం.

పావుగంటకి సెల్లు అంచు చుట్టూ సన్నటి నురగ మొదలైంది. అరగంటకి అంచు కింద మాంసం రంగు మారింది. ల్యాబ్ నుంచి తెచ్చిన ఎర్ర లిట్మస్ కాగితం ఆ నురగకి తాకిస్తే ఠక్కున నీలమైంది. రెండు గంటలకి సెల్లు ఎత్తి చూస్తే దాని ఆకారంలోనే నల్లగా, మెత్తగా గుంట పడింది. అంతసేపూ సెల్లుకి చిల్లు పడలేదు, పగల్లేదు.

ఇంటర్‌లో మనమంతా చదివిన విద్యుద్విశ్లేషణే ఇది. తడి మాంసం తీగలా పనిచేస్తుంది. మైనస్ వైపు నీరు విడిపోతుంది:

2H₂O + 2e⁻ → H₂ + 2OH⁻

ఆ నురగ హైడ్రోజన్. మిగిలిన OH⁻ క్షారం. కాస్టిక్ సోడా చేతి మీద పడితే ఏమవుతుందో తెలుసు కదా, అలాంటి క్షారమే ఆ చోట క్షణక్షణం పుడుతుంటుంది. పరీక్షలో దీన్ని రెండు మార్కుల ప్రశ్నకి రాశాం. పసివాడి గొంతులో జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

మరి నాణేనికీ దీనికీ తేడా ఏంటంటే అదే. నాణెం గొంతులో ఇరుక్కున్నా ఊరికే ఇరుక్కుని ఉంటుంది. సెల్లు ఇరుక్కుంటే పని మొదలుపెడుతుంది. మా రిమోట్ సెల్లు మీద CR2025 అని ఉంది. మొదటి 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, తర్వాతి 25 అంటే మందం రెండున్నర మిల్లీమీటర్లు. బరువు చూసే మెషిన్లలో, బైకు తాళం రిమోట్లలో, సెల్లుతో వెలిగే కొవ్వొత్తి బొమ్మల్లో ఎక్కువగా CR2032 ఉంటుంది, అదీ 20 మిల్లీమీటర్లే. కొత్త రూపాయి బిళ్ళ వెడల్పు కూడా అంతే. పసిపిల్లల ఆహారనాళం సన్నగా ఉంటుంది కాబట్టి ఈ సైజు దిగకుండా ఇరుక్కుపోతుంది. అక్కడ ముందూ వెనకా గోడలు రెండూ సెల్లుకి అతుక్కుంటాయి, కరెంటుకి దారి దొరుకుతుంది. మూడు వోల్టులు. రెండు గంటలు చాలు, లోతుగా కాలడానికి. వాచీల్లో, చిన్న బొమ్మల్లో ఉండే సన్న సెల్లులు జారిపోయే అవకాశం ఎక్కువ, కానీ ఇరుక్కుంటే అవీ కాలుస్తాయి.

"పాత సెల్లే కదా, అయిపోయింది" అనే మాట కూడా వినొద్దు. రిమోట్ పనిచేయని ఒక పాత సెల్లుని ల్యాబ్‌లో మల్టీమీటర్‌తో కొలిస్తే ఇంకా రెండున్నర వోల్టులు చూపించింది. నీటిని విడగొట్టడానికి సుమారు 1.23 వోల్టులు చాలు. రిమోట్‌కి చచ్చిన సెల్లు గొంతుకి చావలేదన్నమాట.

ఇంత జరుగుతున్నా పిల్లాడు ఎందుకు ఆడుకుంటాడు? డాక్టరమ్మ చెప్పింది ఇదీ. ఆహారనాళం వేరు, ఊపిరి గొట్టం వేరు. సెల్లు ఉన్నది ఆహారనాళంలో, కాబట్టి ఊపిరి ఆగదు. బిళ్ళ పక్క నుంచి పాలు, నీళ్ళు జారిపోతాయి, కాబట్టి తాగుతాడు. పదిహేడు నెలల వాడు ఇక్కడ నొప్పి అని చూపించలేడు. కనిపించేవి చిన్న గుర్తులే: మొదట ఒక దగ్గు, చొంగ, గట్టి తిండి వద్దనడం. మా బాబు ఉమ్మేసిన ఆ మూడో అరటి ముక్కే గుర్తు. మేం కడుపు నిండిందనుకున్నాం. కొందరికి ఆ మాత్రం కూడా ఉండదట. అందుకే పిల్లాడు బాగున్నాడా లేదా అన్నది కొలత కాదు. ఏం మింగాడు, ఎన్నింటికి మింగాడు, ఇవే కొలతలు.

రూపాయా, సెల్లా అన్నది బయట నుంచి ఎవరూ చెప్పలేరు, ఎక్స్‌రే ఒక్కటే చెబుతుంది. మాకు ఫిలిం లైటు మీద పెట్టి చూపించారు. రెండూ గుండ్రంగా తెల్లగానే పడతాయి. నాణెం అయితే మొత్తం ఒకే తెలుపు. సెల్లు అయితే అంచుకి లోపల ఇంకో గీత, గాజులో గాజు పెట్టినట్టు రెండు వలయాలు. పక్క నుంచి తీసిన ఫిలింలో ఒక వైపు చిన్న మెట్టులా కనిపిస్తుంది. ఆ సన్న వైపే మైనస్, అది ఎటు తిరిగి ఉంటే అటు ఎక్కువ కాలుతుంది. అందుకే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండు ఫిలింలూ తీస్తారు. నిజంగా నాణేనికైనా ఎక్స్‌రే కావాల్సిందే. కడుపులోకి దిగితే ఇంటికి పంపి ఎదురుచూడమంటారు. గొంతులోనే ఉంటే, ఇబ్బంది లేకపోయినా ఒక రోజుకి మించి వదిలేయరు. సెల్లు గొంతులో ఉంటే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగరు.

ఇప్పుడు మమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన మాట. సెల్లు తీసి బయటికొచ్చాక డాక్టరమ్మ అడిగారు, "ఇంట్లో తేనె ఉందా? తాగించారా?"

తేనె. మా తాత కొండ ఎక్కి తీసే తేనె. జీసీసీ వాళ్ళకి అమ్మగా మిగిలింది సీసాలో పోసి, ఆ మంచం పైన అటక మీదే ఉంది. సెల్లు మాయమైందని తెలిసినప్పుడు మేం ఆ అటక కిందే నిలబడి ఉన్నాం.

తేనె సెల్లుకీ గోడకీ మధ్య పొరలా చేరుతుంది, కొద్దిగా ఆమ్ల గుణం ఉంది కాబట్టి క్షారాన్ని కొంత తగ్గిస్తుంది. ఆమె చెప్పిన పద్ధతి ఇది. బాబుకి ఏడాది నిండి ఉండాలి. మింగి పన్నెండు గంటలు దాటి ఉండకూడదు. మెలకువగా ఉండి మింగగలగాలి. రెండు చిన్న చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు, పది నిమిషాలకి ఒకసారి, మొత్తం ఆరుసార్లు మించకుండా. దారిలో ఇస్తూ వెళ్ళాలి, ఇవ్వడం కోసం ఇంట్లో కూర్చోకూడదు. ఏడాది లోపు పిల్లలకి తేనె ఇవ్వకూడదు, వాళ్ళకి అదే ప్రమాదం. తేనె కాలడాన్ని నెమ్మది చేస్తుంది అంతే, ఆపదు. సెల్లు బయటికి తీస్తేనే ఆగేది.

రెండు గంటల్లో ఆపరేషన్ థియేటర్‌కి చేరే ఊరు మనలో ఎవరిది? మాది కాదు. అందుకే మనకి ఆ తేనె పట్నం వాళ్ళకంటే ఎక్కువ అవసరం. ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా ఉండడం ఇంకా ఎక్కువ అవసరం. పన్నెండు గంటల్లో దారి తిన్నది ఆరు గంటలు, థియేటర్ గంటన్నర. మేం "రేపు చూద్దాం" అని తిన్నది నాలుగున్నర. దారిని మేం తగ్గించలేం. ఆ నాలుగున్నర గంటలు మాత్రం మా చేతిలోవే.

తేనె తప్ప ఇంకేమీ పెట్టొద్దు. అన్నం ముద్ద, అరటిపండు మింగితే బిళ్ళ కిందికి తోసుకుపోతుందనుకుంటాం. పోదు. పైగా కడుపు నిండా ఉంటే మత్తివ్వడం కష్టం. గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. ఆ కాలిన చోట మళ్ళీ కాలుతుంది, ఊపిరి గొట్టంలోకి పోయే భయమూ ఉంది. తలకిందులుగా పట్టుకుని తట్టడం ఊపిరి ఆడని పిల్లలకి చేసే పని, ఊపిరి ఆడుతున్న పిల్లాడికి కాదు. 108కి ఫోన్ చేసినప్పుడు "ఏదో మింగాడు" అనకండి, "బ్యాటరీ సెల్లు మింగాడు, టైం ఇంత" అని చెప్పండి. ఎక్స్‌రే ఎక్కడుంటే నేరుగా అక్కడికే తీసుకెళ్ళమనండి. ఆ రిమోటో, బొమ్మో, అలాంటి ఇంకో సెల్లో ఉంటే వెంట తీసుకెళ్ళండి, చూడగానే వాళ్ళకి సైజు తెలుస్తుంది. ముక్కులోనో చెవిలోనో సెల్లు పెట్టుకున్నా ఇదే తొందర. కానీ అక్కడ తేనె గానీ, చుక్కల మందు గానీ ఏదీ వేయకూడదు.

సెల్లు తీసేశాక అయిపోయిందనుకున్నాం. అవలేదు. క్షారం కాల్చిన గాయం సెల్లు తీశాక కూడా కొన్ని రోజులు లోపలికి పోతూ ఉంటుందట. ఆహారనాళం ముందు ఊపిరి గొట్టం, పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం. వాటిలోకి చిల్లు పడితే వారాల తర్వాత కూడా ఒక్కసారిగా రక్తం కక్కుకుంటారు. అందుకే బాబుని వెంటనే పంపలేదు. ముక్కు నుంచి సన్న గొట్టం వేసి తొమ్మిది రోజులు దాని గుండానే పాలు ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడు అక్కకి రెండుసార్లు చెప్పించి విన్నారు: నోట్లోంచి కొంచెం రక్తం వచ్చినా, విరోచనం తారులా నల్లగా అయినా, తాగుతుంటే దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా రావాలి.

రక్తం రాలేదు. కానీ కాలిన చోట మానేటప్పుడు ముడుచుకుపోయి దారి ఇరుకైంది. అన్నం మింగితే అడ్డుపడేది. ఇప్పటికి రెండుసార్లు మత్తిచ్చి ఆ చోటు వెడల్పు చేశారు, ఇంకోసారి రమ్మన్నారు. ప్రతిసారీ బావకి మూడు రోజుల కూలి పోతుంది. బాబు గంజి తాగుతున్నాడు, మెత్తగా పిసికిన అన్నం తింటున్నాడు. ఇప్పుడు మమ్మల్ని చూస్తే "లైతు, లైతు" అంటాడు.

ఆ లైట్లు తీసేశాం. పెద్దమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీకేటి తెలుసు, పిల్లలు మీరు" అంది. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి మాకు తెలియదు అని ఒప్పుకుని, పీహెచ్‌సీకి ఫోన్ చేసి అడిగి ఉంటే సరిపోయేది. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, తెలిసినట్టు చెప్పాం. చదువుకున్నోళ్ళం అనే పేరుకి అదీ ఒక ఖర్చు.

మొన్న సెలవుల్లో ఊళ్ళో ఇరవై రెండు ఇళ్ళు తిరిగాం. ఒక చిన్న స్క్రూడ్రైవరు, ఒక టేపు చుట్ట పట్టుకెళ్ళాం. బిళ్ళ సెల్లు ఉన్న వస్తువు ప్రతీదీ బయటికి తీయించాం. స్క్రూ ఉన్నవి బిగించాం, అర లాగితే వచ్చేవాటికి చుట్టూ టేపు వేశాం. పాత సెల్లులకి రెండు వైపులా టేపు అంటించి, గట్టి మూత ఉన్న డబ్బాలో వేసి పైన పెట్టాం. తొమ్మిది ఇళ్ళల్లో అలాంటి వస్తువులు దొరికాయి. తాళంగుత్తి టార్చిలు, పాట పాడే బొమ్మ, మాలాంటి రిమోట్లు రెండు. ఒక ఇంట్లో అయిపోయిన సెల్లులు మూడు గూట్లో పసుపు డబ్బా పక్కన ఉన్నాయి, పిల్ల చేతికి అందేలా. ఎందుకు దాచారంటే, బిళ్ళలు మెరుస్తున్నాయని పిల్ల ఆడుకుంటుందట.

మీరు ఈసారి ఊరెళ్ళినప్పుడు రిమోట్ తిప్పి వెనక చూడండి. ఇది చదవలేని మీ అమ్మకీ, అవ్వకీ మీ ఇంటి భాషలో చెప్పండి. సెల్లు, రెండు గంటలు, తేనె, ఎక్స్‌రే. ఈ నాలుగు మాటలు గుర్తున్నా చాలు.